రిఫరల్ లెటర్‌లో అసలు ప్రశ్న ఎక్కడ రాయాలి? ఉద్దానం కేసు, నా లెటర్ పెడుతున్నాను, సరిచేయండి

మహేంద్రతనయ

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా చేరి ఏడాదిన్నర అయింది. వారానికి నలుగురైదుగురిని కిడ్నీ డాక్టర్ దగ్గరకు పంపుతుంటాను. మొన్న ఒక లెటర్ వల్ల పేషెంట్‌కి నష్టమే జరిగింది. అందుకే ఇక్కడ పెడుతున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. అసలు లెటర్ ఇంగ్లీషులో ఉంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

> గౌరవనీయులైన సార్‌కి, ఈ 46 ఏళ్ల పురుషుడు మా పరిధిలోని కొబ్బరి రైతు. 2018 తిత్లీ తుపానులో చెట్లన్నీ పడిపోయాక కూలికి వెళ్తున్నాడు. ఏడాదిగా నీరసం, ఆకలి మందం, నడుము నొప్పి. బీపీ ఉంది, మందు వాడుతున్నాడు. షుగర్ లేదు. తండ్రి కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. క్రియాటినిన్ 2.8, హిమోగ్లోబిన్ 9.8, యూరిన్ ఆల్బుమిన్ ట్రేస్. స్కాన్‌లో కిడ్నీలు చిన్నవిగా ఉన్నాయి. గతంలో కూడా క్రియాటినిన్ ఎక్కువగా ఉండేది. నడుము నొప్పికి ఊళ్లో ఇంజెక్షన్లు చేయించుకున్నాడు. దయచేసి పరీక్షించి తగిన చికిత్స చేయగలరు.

మార్చి 22న పంపాను. అదే రోజు సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఓపీ చీటీ మీద రెండే ముక్కలు: వాడుతున్న మందులే కొనసాగించండి, నెల తర్వాత క్రియాటినిన్ చేయించుకుని రండి. 28న మా దగ్గరకు వచ్చినప్పుడు సంచిలో చూస్తే కిడ్నీకి చేటు చేసే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ స్ట్రిప్, సగం అయిపోయి ఉంది. 'కొనసాగించమన్నారు కదా సార్' అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆ రోజు క్రియాటినిన్ 3.1, పొటాషియం 5.4.

చూసిన డాక్టర్‌ని అనడానికి కాదు ఈ పోస్టు. ఆ ఓపీలో క్యూ నాకు తెలుసు. లెటర్ సరిగ్గా ఉండి ఉంటే ఇలా జరిగేది కాదేమో అని నా అనుమానం. ఎలా రాసి ఉండాల్సింది?

---

పాతకేస్‌షీట్

బాబూ, మాకు మెడికల్ కాలేజీలో నేర్పింది ఇప్పటికీ పనికొస్తుంది. ముందు ప్రధాన బాధలు, ఎన్నాళ్లుగా. తర్వాత జబ్బు చరిత్ర, పాత జబ్బులు, కుటుంబం, అలవాట్లు. ఆపైన పరీక్ష, రిపోర్టులు, చివర నీ అభిప్రాయం. నీ లెటర్‌లో అన్నీ ఉన్నాయి, వరుస లేదు అంతే. తండ్రి సంగతి చెప్పాక రిపోర్టులు, రిపోర్టుల తర్వాత మళ్లీ ఇంజెక్షన్ల సంగతి. ఆ ఇంజెక్షన్ల వాక్యాన్ని తీసుకెళ్లి చరిత్రలో పెడితే లెటర్ కుదురుతుంది.

ముప్పై ఏళ్లు జిల్లాలోనే చేశాను. కేస్‌షీట్ వరుసలో రాసిన లెటర్‌ని ఎవరూ తప్పుపట్టలేదు.

---

జీడితోట

డాక్టర్ గారూ నమస్తే. మా మావయ్యది పలాస దగ్గర పల్లె. కిడ్నీ ప్రాబ్లమ్ ఉంది. ఆరోగ్యశ్రీలో చూపించుకోవాలంటే ఈ రిఫరల్ లెటర్ కచ్చితంగా ఉండాలా? ఎవరు రాస్తారు? ఎంత అడుగుతారు?

---

నాగావళి

@జీడితోట ఇక్కడ మాట్లాడుతున్నది వేరే లెటర్ అండీ. ఒక డాక్టర్ ఇంకో డాక్టర్‌కి రాసేది. పీహెచ్‌సీలో ఈ లెటర్‌కి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ఆరోగ్యశ్రీ పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. దానికి ఏ కాగితాలు కావాలో ఆసుపత్రిలో ఆ పథకం హెల్ప్ డెస్క్ ఉంటుంది, అక్కడ అడగండి. కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లమనండి మీ మావయ్యని.

---

వంశధార

నేను లెటర్లు అందుకునే వైపు ఉంటాను. కిడ్నీ ఓపీ. ముందు ఒక్క మాట అడుగుతాను, దానికి జవాబు రాయండి, తర్వాత లెటర్ సంగతి చూద్దాం.

మార్చి 22న ఆయన్ని పంపేటప్పుడు మీకు ఏం తెలియలేదు? అంటే, మీకు మీరుగా తేల్చుకోలేక, నేను చెబితే మీ వైద్యం మారేది ఏది?

---

మహేంద్రతనయ

సార్, ఇప్పుడు ఆలోచిస్తే రెండు. ఆయన క్రియాటినిన్ నిరుడు జనవరిలో 1.4, అక్టోబర్‌లో 1.9, ఈ మార్చిలో 2.8. ఇది మన ప్రాంతంలో చూసే కిడ్నీ జబ్బే తన దారిన ముదురుతోందా, లేక ఆ ఇంజెక్షన్ల వల్ల ఒక్కసారిగా పెరిగిందా అన్నది నా సందేహం. రెండోది, బీపీకి టెల్మిసార్టాన్ 40 ఇస్తున్నాను. అది ఆపాలా, ఉంచాలా?

---

వంశధార

చూశారా, ఈ రెండు ప్రశ్నలూ మీ లెటర్‌లో లేవు. 1.4 లేదు, 1.9 లేదు. 'గతంలో ఎక్కువగా ఉండేది' అని ఉంది. టెల్మిసార్టాన్ పేరు లేదు, 'మందు' అని ఉంది. డైక్లోఫెనాక్ పేరు లేదు, 'ఇంజెక్షన్లు' అని ఉంది, అదీ చివరి నుంచి రెండో వాక్యంలో. నా ముందు అరవై మంది ఉన్నప్పుడు ఇది చదివితే నాకు కనిపించేది: ఉద్దానం, క్రియాటినిన్ 2.8, చిన్న కిడ్నీలు, ఆల్బుమిన్ ట్రేస్. రోజూ చూసే బొమ్మే. 'తగిన చికిత్స చేయగలరు' అంటే ఏదీ అడగనట్టే. ఆ చీటీ నేను కూడా రాసి ఉండేవాడిని, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

పాతకేస్‌షీట్ గారు వరుస అన్నారు. నిజమే, కానీ సగమే. కేస్‌షీట్ వరుస రోగం ఏమిటో తెలియనప్పుడు ఆలోచించడానికి పనికొస్తుంది. లెటర్ చదివేవాడు ముందు తెలుసుకోవాల్సింది తనని ఏం అడుగుతున్నారని. అది తెలిస్తేనే చరిత్రలో ఏ ముక్క దగ్గర ఆగాలో తెలుస్తుంది. కాబట్టి ప్రశ్న పైన పెట్టండి, రెండు మూడు వాక్యాల్లో, ఎంత తొందరో కూడా చెబుతూ.

తర్వాత చరిత్ర. మొత్తం జీవిత చరిత్ర అక్కర్లేదు, ఆ ప్రశ్నకు సంబంధించినదే. మీ ప్రశ్న 'ఎంత వేగంగా పెరిగింది, ఎందుకు' కదా. అయితే చరిత్ర అంటే తేదీలు. 1.4, 1.9, 2.8 పక్కపక్కన తేదీలతో ఉంటే, మొదటి తొమ్మిది నెలల్లో 0.5 పెరిగింది, తర్వాతి ఐదు నెలల్లో 0.9 పెరిగింది అని ఎవరూ చెప్పకుండానే కనిపిస్తుంది. వాటి కిందే ఇంజెక్షన్ల తేదీలు ఉంటే అనుమానం దానంతటదే వస్తుంది. తిత్లీ సంగతి మనసుకు తగులుతుంది, నాకు తెలుసు, మా అత్తగారి తోట కూడా పోయింది. లెటర్‌లో 'ఎండలో కూలి పని' అంటే చాలు.

ఇక పరీక్షల్లో మీకు కనిపించినవి. 'కిడ్నీలు చిన్నవి' అనకండి, ఎన్ని సెంటీమీటర్లో రాయండి. 9 కన్నా తక్కువగా, తెల్లగా కనిపిస్తే జబ్బు పాతదని ఒక అంచనాకి వస్తాం. బయాప్సీ గురించిన ఆలోచన కూడా దాని మీదే ఆధారపడుతుంది, కుంచించుకుపోయిన కిడ్నీలో సూది పెట్టి తెలుసుకునేది తక్కువ, రక్తస్రావం భయం ఎక్కువ. అలాగే లేనివి కూడా రాయాలి. రాళ్లు లేవు, మూత్రం అడ్డుపడి కిడ్నీ ఉబ్బలేదు, మూత్రంలో రక్తం లేదు. ఇవి రాయకపోతే చూడలేదో, చూసినా లేవో నాకు తెలియదు.

ఒక జాగ్రత్త. చాలామంది ఇప్పుడు ఈజీఎఫ్‌ఆర్ లెక్కకట్టి 'స్టేజ్ 4' అని పైన రాసేస్తున్నారు. మీ పేషెంట్ అంకెలకు లెక్కేస్తే 63, 44, 27 దగ్గర వస్తుంది. కానీ ఆ లెక్క క్రియాటినిన్ నిలకడగా ఉన్నప్పుడే నమ్మదగింది. రోజురోజుకీ మారుతున్నప్పుడు 27 అనేది ఉత్త అంకె. స్టేజ్ 4 అని రాశారంటే చదివేవాడు 'సరే, ముదిరిపోయింది' అనుకుని వదిలేస్తాడు. మీ ప్రశ్నకి మీరే జవాబు రాసిచ్చినట్టు అవుతుంది. ఈ కేసులో క్రియాటినిన్, తేదీ చాలు.

అన్నిటికన్నా ముందు, డైక్లోఫెనాక్, టెల్మిసార్టాన్ రెండూ ఈరోజే ఆపించండి. పొటాషియం రెండు రోజుల్లో మళ్లీ చూడండి. అది 6 దాటినా, ఈసీజీ మారినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా లెటర్లు రాస్తూ కూర్చోవద్దు, ఫోన్ చేసి 108లో పంపించేయండి.

---

మహేంద్రతనయ

రెండూ 28నే ఆపించాను సార్. బీపీ చూసి ఆమ్లోడిపిన్ 5 మొదలుపెట్టాను. పొటాషియం రేపు చేయిస్తాను. ఆ రిపోర్టు వచ్చాక కొత్త లెటర్ రాసి పెడతాను.

ఒక చిక్కు. ఆరు ఇంజెక్షన్లు చేసిన ఊరి డాక్టర్ ఏ మందు ఇచ్చాడో చెప్పట్లేదు. 'నొప్పి ఇంజెక్షనే' అంటున్నాడు. మాత్రల స్ట్రిప్ మాత్రం దొరికింది కాబట్టి డైక్లోఫెనాక్ అని తెలిసింది.

---

వంశధార

అయితే అలాగే రాయండి. 'నొప్పి ఇంజెక్షన్లు, పేరు తెలియదు, ఆరు. డైక్లోఫెనాక్ మాత్రలు, స్ట్రిప్ చూశాను'. మీరు చూసింది వేరు, విన్నది వేరు. రెండూ కలిపేస్తే ఆ ఇంజెక్షన్ జెంటామైసిన్ లాంటిదై ఉండొచ్చన్న ఆలోచనే ఎవరికీ రాదు. అది కూడా కిడ్నీని దెబ్బతీసేదే.

---

నాగావళి

డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుని. డాక్టర్లు మాట్లాడుకుంటున్న చోట దూరుతున్నాను, క్షమించాలి.

లెటర్‌లో ఎవరూ రాయని ఒక సంగతి. క్రియాటినిన్ ఇంత ఉన్నవాళ్లకి ఎడమ చేతిలో సూదులు గుచ్చొద్దని మేం చెబుతాం, కుడిచేతి వాటం వాళ్లకి. రేపు డయాలసిస్ అవసరమైతే రక్తం తీసే దారిగా ఫిస్టులా వేయడానికి ఆ చేతి రక్తనాళాలు కావాలి. పీహెచ్‌సీ నుంచి వచ్చేసరికే ఎడమ చెయ్యి మొత్తం గుచ్చేసి, క్యాన్యులా వేసి, నల్లగా కమిలిపోయి వస్తున్నారు. 'ఎడమ చేతిలో సూది వేయవద్దు' అని పేషెంట్ పుస్తకం అట్ట మీద రాస్తే ల్యాబ్ వాళ్లు కూడా చూస్తారు.

రెండోది కాగితాలు. లెటర్‌లో 'స్కాన్ జతచేశాను' అని ఉంటుంది, స్కాన్ ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి వచ్చిన మనిషిని మళ్లీ వెళ్లి తెమ్మంటామా? ఫొటో తీసి ఆయన ఫోన్‌లోనే పెట్టించండి. లెటర్ కింద మీ ఫోన్ నంబర్ కూడా రాయండి సార్. చాలామంది సంతకం, స్టాంపు వేస్తారు, నంబర్ మాత్రం వేయరు.

---

పాతకేస్‌షీట్

వంశధార గారూ, మీ మాట కొంత ఒప్పుకుంటాను. తేదీలు, సెంటీమీటర్లు బాగున్నాయి. కానీ ప్రశ్న పైన పెట్టడం నాకు మింగుడుపడటం లేదు. పీహెచ్‌సీ కుర్రాడు మొదటి వాక్యంలోనే 'డైక్లోఫెనాక్ వల్లనా' అన్నాడనుకోండి, స్పెషలిస్టు దాని వెంటే పోతాడు. ఆ కుర్రాడి ఆలోచనే తప్పైతే ఇద్దరూ కలిసి తప్పుదారి పడతారు. ముందు విషయం చెప్పి, చదివేవాడిని తన బుర్రతో ఆలోచించనిచ్చి, చివర్లో అడగాలి. మా ప్రొఫెసర్ గారు లెటర్ చివరి పేరా ముందు చదివేవారు కాదు, కావాలనే.

---

వంశధార

ఇందులో బలం ఉంది, కాదనను. నిజానికి ఇంతకన్నా పెద్ద ప్రమాదం 'ఉద్దానం' అన్న మాటతోనే ఉంది. ఊరి పేరు చూడగానే రోగం పేరు అనేసుకుంటాం. ప్రోస్టేట్ అడ్డుపడిన పెద్దాయనని కూడా ఆ లెక్కలోనే వేసిన సందర్భాలు చూశాను. నా సర్దుబాటు ఏమిటంటే, పైన ప్రశ్న రాయాలి, జవాబు రాయకూడదు. 'డైక్లోఫెనాక్ వల్ల కిడ్నీ దెబ్బతింది' అని కాక, 'ఐదు నెలల్లో ఇంత పెరుగుదలకి కారణం ఏమిటి, మందులా, పాత జబ్బా, మరొకటా' అని.

చివర పెడితే నష్టం ఏమిటో మీకు తెలుసు సార్. ఓపీలో చివరి వరకూ చదివే తీరిక మీ ప్రొఫెసర్ గారికి ఉండేది. మాకు లేదు.

---

పాతకేస్‌షీట్

తీరిక లేకపోవడాన్ని లెటర్ సరిచేయదు. సరే, ఇక్కడ ఆపుతాను.

---

బాహుదా

నేను డాక్టర్‌ని కాదు. మా నాన్నగారిని ఇలాగే విశాఖ పంపారు, నాలుగేళ్ల కిందట. లెటర్ కవర్‌లో పెట్టి అంటించి ఇచ్చారు. లోపల ఏముందో మాకు తెలియదు. అక్కడ పెద్ద డాక్టర్ గారు చదివి 'ఎందుకు పంపారమ్మా' అని మా అమ్మనే అడిగారు. అమ్మ ఏం చెబుతుంది? 'నీరసం బాబూ' అంది. బలానికి మందులు రాసి పంపేశారు.

మీరు ఇంగ్లీషులో ఎంత బాగా రాసుకున్నా, మనిషికి కూడా ఒక ముక్క తెలుగులో చెప్పి పంపండి. అక్కడ ఏం అడగాలో, ఏ మాత్ర మింగకూడదో. 'కొనసాగించండి' అన్న మాటకి మా నాన్న అయినా అదే చేసి ఉండేవారు.

---

మహేంద్రతనయ

బాహుదా గారూ, మీ మాట రాసిపెట్టుకున్నాను. ఇదిగో కొత్త లెటర్. ఒక పేజీ దాటకుండా చూశాను.

> అడుగుతున్నది: 46 ఏళ్ల పురుషుడు. 5 నెలల్లో క్రియాటినిన్ 1.9 నుంచి 3.1కి పెరిగింది. (1) ఈ పెరుగుదల పాత కిడ్నీ జబ్బు ముదరడమా, ఈమధ్య వాడిన మందుల వల్లనా, మరొకటా? (2) టెల్మిసార్టాన్ మళ్లీ మొదలుపెట్టవచ్చా, ఎప్పుడు? మూడు రోజుల లోపు చూడగలరని మనవి.
>
> చరిత్ర: క్రియాటినిన్: 2024 జనవరి 1.4, అక్టోబర్ 1.9, 2025 మార్చి 20న 2.8, మార్చి 28న 3.1. మార్చి మొదటి వారం నుంచి నడుము నొప్పికి ఊళ్లో ఆరు ఇంజెక్షన్లు, పేరు తెలియదు. డైక్లోఫెనాక్ 50 మాత్రలు రోజుకు రెండు, మార్చి 28 వరకు (స్ట్రిప్ చూశాను). బీపీ 3 ఏళ్లుగా, టెల్మిసార్టాన్ 40. షుగర్ లేదు. వాంతులు, విరేచనాలు, జ్వరం లేవు. మూత్రం తగ్గలేదు. ఎండలో కూలి పని. తండ్రికి కిడ్నీ జబ్బు.
>
> కనిపించినవి, మార్చి 28: బీపీ 138/86. కాళ్ల వాపు లేదు, ఆయాసం లేదు. పొటాషియం 5.4, 30న 5.1. హిమోగ్లోబిన్ 9.8. మూత్రంలో ఆల్బుమిన్ ట్రేస్, రక్తం లేదు. స్కాన్: కుడి 8.4, ఎడమ 8.6 సెం.మీ., తెల్లదనం పెరిగింది, రాళ్లు లేవు, ఉబ్బు లేదు.
>
> నేను చేసింది: 28న డైక్లోఫెనాక్, టెల్మిసార్టాన్ ఆపించాను. ఆమ్లోడిపిన్ 5 మొదలు. ఎడమ చేతిలో సూది వేయవద్దని చెప్పాను. క్రియాటినిన్, పొటాషియం మా దగ్గర వారానికోసారి చేయగలం. ఫలితం ఏ అంకె దాటితే మీ దగ్గరకు మళ్లీ పంపాలో రాయగలరు. ఫోన్: …

---

వంశధార

బాగుంది. చివరి వాక్యం నాకు బాగా నచ్చింది, మీ దగ్గర ఏం చేయగలరో చెప్పారు కాబట్టి ఊరికే 'నెల తర్వాత రండి' అనడం నాకు కుదరదు. ఒకటి మాత్రం మార్చండి. 'ఆపించాను' అన్న సంగతి నాలుగో పేరాలో ఉంది. పైన ప్రశ్నలోనే 'మందులు 28న ఆపాను' అని కలపండి. లేకపోతే మొదటి పేరా మాత్రమే చదివేవాడు మళ్లీ 'కొనసాగించండి' అనే రాస్తాడు. మొదటిసారి జరిగింది అదే కదా.

---

జీడితోట

మావయ్యకి హెల్ప్ డెస్క్ దగ్గర పని అయిపోయింది, థాంక్స్ నాగావళి గారూ. ఈ లెటర్ చూశాక ఆయన మందుల సంచి నేనూ చూశాను. ఒంటి నొప్పులకని ఏదో మాత్ర ఉంది, ఫొటో పెట్టమంటారా?

---

నాగావళి

ఇక్కడ వద్దండీ. సంచి మొత్తం పట్టుకుని పీహెచ్‌సీకి వెళ్లండి, రేపే. అప్పటిదాకా ఆ నొప్పి మాత్ర వేయొద్దు.

---

మహేంద్రతనయ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఏప్రిల్ 1న పంపాను. ఈసారి జవాబు వచ్చింది, అదే లెటర్ వెనకాల, చేత్తో. పాత జబ్బు మీద మందుల దెబ్బ కావచ్చు, బయాప్సీ ప్రస్తుతానికి అక్కర్లేదు, నొప్పి మందులు ఇక జన్మలో వద్దు, క్రియాటినిన్ 3.5 దాటినా పొటాషియం 5.5 దాటినా వెంటనే పంపు. టెల్మిసార్టాన్ గురించి 'అంకెలు నిలకడపడ్డాక చూద్దాం' అని మాత్రమే ఉంది.

ఏప్రిల్ 4న క్రియాటినిన్ 2.6, 18న 2.2. అక్టోబర్ నాటి 1.9కి ఇంకా రాలేదు, వస్తుందో లేదో.

పాతకేస్‌షీట్ గారూ, ఒక విషయం మీకే చెప్పాలి. అక్కడి డాక్టర్ గారు లెటర్ చదవడం పేషెంట్ చూశాడట. పేజీ కింద నుంచి మొదలుపెట్టారని చెప్పాడు.

---

పాతకేస్‌షీట్

హహ. ఎవరి శిష్యుడో కనుక్కో.

---

వంశధార

ఫోన్ నంబర్ కోసం చూసి ఉంటారు లెండి. టెల్మిసార్టాన్ సంగతి మాత్రం వదలకండి. తర్వాతి లెటర్‌లో అదొక్కటే అడగండి.